ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోందా?

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చేయి జిల్లుమంటే ముందు సాకెట్‌లో ఎర్తింగ్‌ను అనుమానించాలి. మల్టీమీటర్‌తో దాన్ని చూడొచ్చు.

నల్ల వైరు COM రంధ్రంలో, ఎర్ర వైరు V గుర్తున్న రంధ్రంలో పెట్టండి. ఎర్ర వైరు 10A రంధ్రంలో ఉంటే సాకెట్‌లో పెట్టగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఈ పొరపాటే అన్నిటికన్నా ప్రమాదం. డయల్‌ను ఏసీ వోల్టేజీలో 600 లేదా 750 దగ్గరికి తిప్పండి. ప్రోబ్‌కున్న ప్లాస్టిక్ అంచు దాటి వేళ్లు ముందుకు పోకూడదు. కాళ్లకు పొడి చెప్పులుండాలి.

మనకు ఎదురుగా చూస్తే కుడి రంధ్రం ఫేజ్, ఎడమది న్యూట్రల్, పైన పెద్దది ఎర్త్. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో రావాలి. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. అక్కడ 90 అనో, నిలకడలేని అంకెలో కనిపిస్తే ఎర్త్ వైరు తెగిందని, లేదా ఊడిందని గట్టిగా అనుమానించాలి. సాకెట్ విప్పకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

సాకెట్ బాగుంటే ఫ్రిజ్ వైరును చూడాలి. ప్లగ్ పూర్తిగా పీకాకే డయల్‌ను బీప్ గుర్తుకు తిప్పండి. కరెంటున్న చోట ఈ పరీక్ష చేయనే కూడదు. ఒక ప్రోబ్ ప్లగ్ పెద్ద పిన్నుకు, రెండోది ఫ్రిజ్ వెనక రంగులేని స్క్రూకు ఆనించండి. బీప్ వస్తే ఎర్త్ దారి అతుకుంది. వైరును అక్కడక్కడా వంచినప్పుడు బీప్ ఆగి ఆగి వస్తే లోపల తీగ విరిగినట్టే. టేపు చుట్టకుండా వైరు మార్పించాలి.