బొమ్మ మొహం రాకుండా లిప్‌స్టిక్ ప్రకటన

లిప్‌స్టిక్ ప్రకటనకు ఏఐతో చిత్రం చేయించేవారు చాలామంది మొదట ఇలా రాస్తారు: "అందమైన అమ్మాయి, మచ్చలేని చర్మం, మెరిసిపోయే ముఖం, ఎర్రటి లిప్‌స్టిక్." వచ్చేది బట్టల షాపు అద్దం వెనక నిలబెట్టిన బొమ్మ మొహం. ఎందుకంటే 'మచ్చలేని', 'మెరిసిపోయే' అన్నవి పొగడ్తలే తప్ప కంటికి కనబడే వివరాలు కావు.

చర్మం మీద పడిన వెలుగులో కొంత పైనున్న జిడ్డు పొర మీంచే మెరుపుగా తిరిగొస్తుంది. ఇంకొంత లోపలికి దిగి, చెదిరి, కాస్త ఎరుపెక్కి బయటికొస్తుంది. వెనక నుంచి ఎండ పడితే చెవి అంచులు ఎర్రగా కనిపించేది అందుకే. ఈ లోపలి వెలుగును కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతిపై చేసిన కృషికే హెన్రిక్ జెన్సన్, స్టీఫెన్ మార్ష్‌నర్, పాట్ హాన్రహన్‌లకు 2004లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం దక్కింది.

అందుకని వర్ణన వెలుగుతో మొదలవ్వాలి. ఇటుక రంగు మ్యాట్ లిప్‌స్టిక్‌కు ప్రకటన కావాలనుకుందాం. ఇలా రాయవచ్చు: "ముప్పై దాటిన చామనఛాయ స్త్రీ. ఎడమ వైపు కిటికీకి పల్చటి తెర, అందులోంచి పొద్దుటి వెలుగు. కుడి బుగ్గ సగం నీడలో ఉంది. ముక్కు పక్కన సన్నటి చర్మ రంధ్రాలు, పై పెదవి మీద నూగు, కళ్ల కింద కొద్దిగా నలుపు. ఫౌండేషన్ పల్చగా, పౌడరు నుదుటి మీద మాత్రమే. మ్యాట్ రంగు కింద పెదవి నిలువు గీతలు తెలుస్తున్నాయి."

వెలుగు ఒక్క వైపు నుంచే రావడం వల్ల ముఖానికి ఎత్తుపల్లాలు వస్తాయి. అన్ని వైపులా వెలుగంటే నీడ పోతుంది, ముఖం చదునవుతుంది. పెదవి విషయంలో మ్యాట్‌కు తెల్లటి మెరుపు చుక్క ఉండకూడదు. అదే గ్లాస్ అయితే కింది పెదవి మధ్యలో చిన్న మెరుపు ఉండాలి.

చర్మ రంధ్రాలు ఎక్కడ ఉండాలో చెప్పకపోతే ముఖమంతా ఒకే తీరు గుంటలు పడే ప్రమాదముంది. 'ప్లాస్టిక్‌లా వద్దు' అని రాయడమూ అంతగా పనిచేయదు. చాలా పరికరాలు 'వద్దు'ను వదిలేసి 'ప్లాస్టిక్'ను పట్టుకుంటాయి. కావలసింది ఏమిటో అదే రాయాలి.

చిత్రం వచ్చాక పూర్తి సైజులో చూడండి. కనుపాపలో వెలుగు చుక్క కిటికీ వైపే ఉందా? ముక్కు నీడ దానికి ఎదురు వైపు పడిందా? మెడ రంగు ముఖంతో కలుస్తోందా? ఇవి తప్పితే చర్మం ఎంత బాగా వచ్చినా కన్ను నమ్మదు.

ఒక్క పని మాత్రం మాటలతో కాదు. లిప్‌స్టిక్ అసలు షేడ్ ఎంత వర్ణించినా కచ్చితంగా రాదు. నిజమైన లిప్‌స్టిక్‌ను అలాంటి చామనఛాయ పెదవుల మీదే వేసి ఫొటో తీసి, దాంతో సరిపోల్చి రంగు దిద్దాలి. కొనేవారు డబ్బిచ్చేది ఆ రంగుకే కాబట్టి, అది సరిపోలనిదే చిత్రాన్ని ప్రకటనకు పంపవద్దు.