మీ స్పీడ్ పోస్ట్ ఏ ఆఫీసులో ఉంది?

పాస్‌పోర్టు వచ్చిన రోజు ఇంటికి తాళం. పోస్ట్‌మ్యాన్ దాన్ని పక్కింట్లో ఇవ్వడు, చిరునామాదారు చేతికే ఇవ్వాలి. ఇక మనమే వెళ్లాలి, కానీ ఎక్కడికి? వీధి చివరి పోస్టాఫీసుకే పరుగెత్తకండి. స్టాంపులు అమ్మి, ఉత్తరాలు బుక్ చేసుకునే సబ్ పోస్టాఫీసులన్నీ బట్వాడా చేయవు.

EN లాంటి 2 అక్షరాలతో మొదలై IN తో ముగిసే 13 అక్షరాల నంబరును ఇండియా పోస్ట్ సైట్‌లో కొట్టండి. బుక్ చేసిన ఆఫీసును కాదు, తాజా నమోదు పక్కనున్న ఆఫీసు పేరును చూడండి. S.O అంటే సబ్ ఆఫీసు, H.O అంటే హెడ్ ఆఫీసు. అక్కడ NSH అని ఉంటే అది సార్టింగ్ హబ్. కవరు ఇంకా దారిలోనే ఉంది, వెళ్లినా దొరకదు.

పిన్ కోడ్ కూడా దారి చూపుతుంది. 500001 అయితే అబిడ్స్‌లోని హైదరాబాద్ జీపీవో. పిన్ తప్పు రాసి ఉంటే మాత్రం ట్రాకింగ్‌నే నమ్మాలి. ఆలస్యం చేస్తే కవరు పంపినవారికే తిరిగిపోతుంది. ఫొటో గుర్తింపు కార్డు, ట్రాకింగ్ నంబరు పట్టుకెళ్లి, కౌంటర్లో కాదు, మీ బీటు పోస్ట్‌మ్యాన్ గురించి అడగండి.