√2 కరణీయతా నిరూపణలో కనిష్ఠ రూపం: ఒక తార్కిక పరిశీలన

తెలుగు రాష్ట్రాల పదో తరగతి ‘వాస్తవ సంఖ్యలు’ అధ్యాయం ద్వారా √2 కరణీయ సంఖ్య అనే నిరూపణ అందరికీ పరిచితమే. √2 అకరణీయమని ఊహించి, √2 = p/q అని రాసి, p, q లకు 1 తప్ప సామాన్య భాజకం లేదని తీసుకుంటాం. వర్గం చేస్తే p² = 2q² వస్తుంది. బేసి సంఖ్య వర్గం బేసే కాబట్టి p సరిసంఖ్య. p = 2r అని ప్రతిక్షేపిస్తే q² = 2r²; అంటే q కూడా సరిసంఖ్యే. రెండింటికీ 2 సామాన్య భాజకమైనందున విరుద్ధత ఏర్పడిందని ముగిస్తాం.

ఈ విరుద్ధత దేనితో ఏర్పడిందన్నదే ఇక్కడి ప్రశ్న. లవహారాలు రెండూ సరిసంఖ్యలు కావడం దానంతట అది దోషం కాదు. 6/4 అటువంటి భిన్నమే. విరుద్ధత ఏర్పడింది కనిష్ఠ రూపమనే షరతుతో. √2 అకరణీయమన్నది ఒక ఊహ, దానికి కనిష్ఠ రూపం ఉందన్నది మరొకటి. విరుద్ధత వల్ల ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పని మాత్రమే తేలుతుంది. ‘√2 అకరణీయమే, కాని దానికి కనిష్ఠ రూపం లేదు’ అనేవారికి పై వాక్యాలలో సమాధానం లేదు.

కనుక ప్రతి ధన అకరణీయ సంఖ్యకూ కనిష్ఠ రూపం ఉందని విడిగా చూపాలి. ఆ సంఖ్యను ధన పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగల విధాలన్నింటిలో అతి చిన్న హారం గల దానిని ఎంచుకుందాం. దాని లవహారాలకు 1 కంటే పెద్ద సామాన్య భాజకం ఉంటే, దానితో భాగించగా ఇంకా చిన్న హారం వస్తుంది, అది అసంభవం. ఈ వాదం √2 ను ప్రస్తావించదు కనుక చక్రదోషం లేదు. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ ఏడవ గ్రంథంలోని 33వ ప్రతిపాదన, ఇచ్చిన సంఖ్యల నిష్పత్తినే కలిగిన కనిష్ఠ సంఖ్యలను కనుగొనే పద్ధతిని చెబుతుంది.

నిజానికి నిరూపణకు ఇంత కూడా అవసరం లేదు. లవహారాలు రెండూ సరిసంఖ్యలు కాకుంటే చాలు. రెండింటినీ 2తో భాగిస్తూ పోతే, ధన పూర్ణసంఖ్యలు అనంతంగా తగ్గలేవు కనుక, ఏదో ఒక మెట్టులో ఒకటి బేసి అవుతుంది. అప్పుడు p బేసి అయితే p² బేసి, 2q² సరి. అవి సమానం కావు. p సరి, q బేసి అయితే p² ను 4 భాగిస్తుంది, 2q² ను భాగించదు. బౌధాయన శుల్బసూత్రం ఇచ్చే విలువ 577/408. ఇక్కడ 577² = 332929, 2 × 408² = 332928. తేడా ఒక్కటే అయినా, ఒకటి బేసి, మరొకటి సరి కావడం వల్ల ఆ తేడా ఎన్నటికీ సున్న కాదు.

అయితే కనిష్ఠ రూపం ఒక్కటే నిరూపణను నిలబెట్టదు. ఇదే వాదాన్ని √4 కు వర్తింపజేస్తే p² = 4q² వస్తుంది. ‘4 p² ను భాగిస్తుంది కనుక p ను కూడా భాగిస్తుంది’ అన్న మెట్టు 2/1 విషయంలోనే విఫలమవుతుంది. 2/1 కనిష్ఠ రూపంలోనే ఉంది. లోపం భాజనీయత మెట్టులో ఉంది. కాబట్టి కనిష్ఠ రూపం ఉనికి, 2 విషయంలో భాజనీయత అనే రెండింటికీ వేర్వేరుగా ఆధారం చూపినప్పుడే నిరూపణ సంపూర్ణమవుతుంది.