చెప్పినవారికే తలుపులు మూశారు

2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా తమ దగ్గర కొత్త రకం కరోనా కనిపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపింది. రెండు రోజుల తర్వాత దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. ఆ పేరు జనం నోట పడకముందే బ్రిటన్ అక్కడి విమానాలను ఆపేసింది. మిగతా దేశాలూ అదే దారి పట్టాయి.

దక్షిణాఫ్రికా నిబంధన పాటించింది, అంతే. 2007 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ప్రతి ప్రభుత్వాన్నీ నాలుగు ప్రశ్నలు వేసుకోమంటాయి. వ్యాధి ప్రభావం తీవ్రమైనదా? అసాధారణమైనదా? సరిహద్దు దాటుతుందా? ప్రయాణాలకూ వ్యాపారానికీ అడ్డంకులు తెస్తుందా? రెండింటికి అవునంటే 24 గంటల్లో కబురు పంపాలి. అయితే గడియారం మొదలయ్యేది తొలి రోగి కనిపించినప్పుడు కాదు, ప్రభుత్వం తన అంచనా ముగించినప్పుడు. అంచనాను నాన్చితే గడువూ సాగుతుంది! వూహాన్ న్యుమోనియా గురించి సంస్థ 2020 జనవరి 1న చైనాను వివరణ అడిగితే, జవాబు 3న వచ్చింది.

ప్రయాణికులను అడ్డుకునే దేశానికీ ఒక బాధ్యత ఉంది. ఆంక్ష పెట్టిన 48 గంటల్లో దాన్నీ, దానికి ఆరోగ్యపరమైన కారణాన్నీ సంస్థకు తెలపాలి. కారణం చాలకపోతే సంస్థ పునరాలోచించమని అడగగలదు. జరిమానా లేదు. దేశాల మధ్య తగాదా వస్తే, ఇద్దరూ ఒప్పుకుంటేనే మధ్యవర్తి తీర్పు. అనుమతి లేనిదే సంస్థ నిపుణులు ఏ దేశంలోనూ అడుగుపెట్టలేరు. ఈ పరిమితులు పొరపాటున రాలేదు. నిబంధనలు రాసుకున్నదీ, తమపై ఇంకొకరి పెత్తనం వద్దనుకున్నదీ ఆ ప్రభుత్వాలే.