చక్రం లోపల ఆ అంకెలేమిటి?

మాచవరంలో పంక్చర్ షాపు దగ్గర కారు చక్రం విప్పి పెట్టినప్పుడు దాని లోపలి వైపు ఎప్పుడైనా చూశారా? మట్టి తుడిస్తే 6J×15 ET45 లాంటి ముద్ర కనిపిస్తుంది. ఎందుకది?

15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. టేపు తీసుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవండి, పదహారుకు పైనే వస్తుంది! ముద్ర తప్పు కాదు. టైరు కూర్చునే చోటునే లెక్కలోకి తీసుకుంటారు. దానిపైన లేచిన అంచును కలపరు. కంచం అంచు పులుసును ఆపినట్టు, ఆ అంచు టైరును పక్కకు జారనివ్వదు. దాని ఆకారానికి గుర్తే J. ఎత్తు సుమారు 17 మిల్లీమీటర్లు. రెండు వైపులా కలిపితే అంగుళంపావు దాటుతుంది, టేపులో ఎక్కువొచ్చింది అదే.

6 అంటే వెడల్పు. ఇదీ అంగుళాల్లోనే, రెండు అంచుల లోపలి ముఖాల మధ్య.

ఇక తికమక పెట్టేది ET45. చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. బోల్టులు బిగించే ముఖం ఆ గీతకు 45 మిల్లీమీటర్లు బయటి వైపు, అంటే వీధి వైపు, ఉందన్నమాట. దీని బదులు ET35 రిమ్ము వేస్తే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. ET55 వేస్తే అంతే లోపలికి పోతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు లోపలి భాగాలకు తగలొచ్చు.

కాబట్టి పాత రిమ్ము కొనేటప్పుడు 15 ఒక్కటే చూసి సరిపోతుందనుకోవద్దని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.