నెలనెలా దవడ మీద మొటిమలు

పాతికేళ్లు దాటిన స్త్రీలలో కనిపించే మొటిమలకు ఒక ప్రత్యేకమైన తీరు ఉంటుంది. నుదురు, ముక్కు మీద నల్లమచ్చల్లా ఉండే చిన్న మొటిమలు కాకుండా గడ్డం మీద, దవడ అంచున, మెడ పైభాగంలో లోతుగా, నొక్కితే నొప్పి పెట్టే గడ్డలు వస్తాయి. వాటికి తరచూ చీము తల కూడా ఉండదు. నెలసరికి వారం పది రోజుల ముందు లేచి, బహిష్టు మొదలయ్యాక తగ్గుముఖం పట్టి, మళ్లీ వచ్చే నెల అదే వేళకు తయారవుతాయి. పెద్దవయసు మొటిమలున్న స్త్రీలలో సగం మందికి అటూ ఇటూగా ఈ నెలవారీ ఉద్ధృతి ఉంటుందని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి.

ప్రతి వెంట్రుక కుదురుకూ ఆనుకుని ఒక నూనె గ్రంథి ఉంటుంది. అది ఎంత జిడ్డు ఊరించాలో చెప్పేది ప్రధానంగా ఆండ్రోజెన్లు, అంటే టెస్టోస్టిరాన్ కుటుంబానికి చెందిన హార్మోన్లు. ఇవి పురుషులవే అనుకోవడం పొరపాటు. స్త్రీలలో అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు కొద్ది మోతాదులో వీటిని రోజూ తయారు చేస్తూనే ఉంటాయి. ఈస్ట్రోజెన్ వాటికి కొంత కళ్లెం వేస్తుంది. ఆండ్రోజెన్లను రక్తంలో పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం చేత ఎక్కువగా తయారు చేయిస్తుంది కాబట్టి, గ్రంథి దాకా చేరే భాగం తగ్గుతుంది.

నెలసరి చక్రం మొదటి సగంలో ఈస్ట్రోజెన్ పెరుగుతూ పోతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. గర్భం రాకపోతే చివరి వారంలో ఈ రెండూ పడిపోతాయి. ఆండ్రోజెన్లు మాత్రం అంతగా తగ్గవు. అంటే వాటి పరిమాణం పెరగకపోయినా, ఎదురు నిలిచేది తగ్గడంతో పైచేయి వాటిదవుతుంది. దీనికి తోడు, చక్రంలో 15 నుంచి 20వ రోజు మధ్య కుదురు రంధ్రం ముఖం కాస్త ఇరుకవుతుందని 1970ల్లో బ్రిటన్‌లో కొలిచి చూపారు. జిడ్డు ఊరుతూనే ఉంటుంది, బయటికి దారి సన్నబడుతుంది. లోపల చేరిన జిడ్డును తినే క్యూటిబాక్టీరియం యాక్నెస్ అనే బాక్టీరియా పెరిగి వాపు రేపుతుంది. రంధ్రం గోడ పగిలి లోపలి పదార్థం చర్మంలోకి కారితే లోతైన గడ్డ ఏర్పడుతుంది.

ఇక్కడ తేదీల లెక్కను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే చికిత్సలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి. నెలసరికి ముందు వారంలో జరిగేది మొటిమ వాపు రేగడం మాత్రమే. ఆ మొటిమకు మొదలైన మూసుకుపోయిన రంధ్రం, కంటికి కనిపించని దశలో, చాలా వారాల ముందే తయారై ఉంటుంది. కాబట్టి గడ్డ లేచాక దాని మీద మాత్రమే మందు చుక్క పెట్టి, అది అణగగానే మానేసే పద్ధతి ప్రతి నెలా ఓడిపోతుంది. మందు అందాల్సింది అప్పటికి శుభ్రంగా కనిపించే చర్మానికి.

దవడ ప్రాంతమే ఎందుకంటే, పురుషులకు గడ్డం పెరిగే భాగం అదే. అక్కడి కుదుళ్లు ఆండ్రోజెన్లకు ఎక్కువగా స్పందిస్తాయి. అయితే చోటును బట్టి మాత్రమే తీర్పు చెప్పకూడదు. చాలామందికి బుగ్గల మీద కూడా ఇవే వస్తాయి. మరోవైపు హెల్మెట్ పట్టీ ఒరుసుకున్న చోట, మాస్కు కింద, గడ్డం దగ్గర థ్రెడింగ్ లేదా వాక్సింగ్ చేయించుకున్నాక వచ్చే పొక్కులు హార్మోన్లవి కాకపోవచ్చు. అవి నెలసరి తేదీని పట్టించుకోవు. తేడా తెలిసేది అక్కడే.

ఇలాంటి మొటిమలున్న స్త్రీలలో ఎక్కువమందికి రక్తపరీక్షలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. రిపోర్టు చూసి ‘హార్మోన్ సమస్య కాదట’ అనుకోవడం తొందరపాటు. రక్తంలో ఎంత ఉందన్నది ఒక సంగతి, గ్రంథి ఎంత అతిగా స్పందిస్తోందన్నది మరో సంగతి. టెస్టోస్టిరాన్‌ను మరింత బలమైన రూపంలోకి మార్చే ఎంజైమ్ నూనె గ్రంథిలోనే ఉంటుంది. ఆ పని రక్తపరీక్షకు అందదు. పరీక్షలు నిజంగా అవసరమయ్యేది నెలసరి 35 రోజులకు మించి ఆలస్యమవుతున్నప్పుడు, గడ్డం పైన, పొట్ట మీద బిరుసు వెంట్రుకలు వస్తున్నప్పుడు, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నప్పుడు. అప్పుడు జనం పీసీఓడీ అని పిలుచుకునే పీసీఓఎస్ ఉందేమో చూస్తారు. గొంతు బొంగురుపోవడం, వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరగడం వంటివి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. అరుదుగా దాని వెనక గడ్డ ఉండవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతూ ఈ పరీక్షలు చేయించుకుంటే ఫలితం నమ్మదగ్గదిగా ఉండదు.

చికిత్స ఎలా సాగుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఇరవై తొమ్మిదేళ్ల స్త్రీకి 30 రోజుల చొప్పున నెలసరి క్రమంగా వస్తోంది. ప్రతి నెలా 22వ రోజు నుంచి దవడ మీద నాలుగైదు నొప్పి గడ్డలు లేస్తున్నాయి. మానాక నల్లమచ్చలు నెలల తరబడి ఉంటున్నాయి. ఇతర లక్షణాలేమీ లేవు. గర్భం దాల్చే ఆలోచన ఇప్పట్లో లేదు. ఇక్కడ మొదటి పని పూత మందులు. రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్, బఠానీ గింజంత తీసుకుని మొటిమ మీద కాకుండా దవడ, గడ్డం, బుగ్గల నిండా పలుచగా రాస్తారు. మొదట వారానికి రెండు మూడు రాత్రులు, చర్మం అలవాటుపడ్డాక రోజూ. ఇది రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుంది. ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం బాక్టీరియాను తగ్గిస్తుంది. దీనివల్ల తువ్వాలు, దిండు గలీబు రంగు పోతుందని ముందే తెలిసి ఉండాలి. చామనఛాయ చర్మంలో మచ్చల బాధే ఎక్కువ కాబట్టి, దాని బదులు అజెలాయిక్ యాసిడ్ 15 లేదా 20 శాతం క్రీము ఎంచుకోవడం ఈ స్త్రీకి మరింత నప్పుతుంది. అది మొటిమతో పాటు మచ్చ మీదా పనిచేస్తుంది. పగటిపూట సన్‌స్క్రీన్ మానితే ఆ లాభం కొంత నీరుగారుతుంది.

మొదటి నెలలో చర్మం పొడిబారి, మంట పెట్టి, మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. చాలామంది మందు వదిలేసేది సరిగ్గా అప్పుడే. ఫలితాన్ని కొలవడానికి అద్దం కంటే క్యాలెండరు మేలు. ప్రతి చక్రంలో కొత్తగా లేచిన నొప్పి గడ్డలెన్నో రాసుకోవాలి. 12 వారాలకు, అంటే మూడో నెలసరి నాటికి, ఆ లెక్క ఐదు నుంచి ఒకటి రెండుకు దిగితే పూతతోనే కొనసాగవచ్చు. మూడూ నాలుగూ గడ్డలు ఇంకా లేస్తుంటే హార్మోన్ మీద పనిచేసే మందు వైపు వెళ్లాలి.

వాటిలో స్పైరోనోలాక్టోన్ ముఖ్యమైనది. నిజానికి ఇది బీపీ, గుండె జబ్బుల మందు. మూత్రం ఎక్కువ చేయడంతో పాటు, గ్రంథి దగ్గర ఆండ్రోజెన్ల చోటును అడ్డుకునే గుణం దీనికి ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 410 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అందులో రోజుకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఆరు వారాలకు 100కు పెంచారు. 12 వారాలకు తేడా కనిపించినా, అది స్పష్టంగా బయటపడింది 24 వారాల దగ్గర. మూడు నెలలకే ‘పనిచేయలేదు’ అని తీర్పు చెప్పకూడదని దీనివల్ల తెలుస్తుంది. నెలసరి క్రమం తప్పడం, తల తిరగడం, వక్షోజాల నొప్పి దీని మామూలు ఇబ్బందులు. పొటాషియం పెరిగే ప్రమాదం ఆరోగ్యవంతులైన యువతుల్లో తక్కువే. మూత్రపిండాల జబ్బు ఉన్నా, కొన్ని రకాల బీపీ మందులు వాడుతున్నా మాత్రం రక్తపరీక్ష తప్పనిసరి. గర్భంలో మగశిశువు జననాంగాల ఎదుగుదలకు ఇది హాని చేయగలదు, కాబట్టి వాడినంత కాలం నమ్మకమైన గర్భనిరోధం ఉండాలి.

ఈస్ట్రోజెన్ కూడా ఉండే గర్భనిరోధక మాత్రలు రెండో దారి. ఇవి అండాశయం తయారుచేసే ఆండ్రోజెన్లను తగ్గిస్తాయి, పట్టి ఉంచే ప్రొటీన్‌ను పెంచుతాయి. డ్రోస్పైరినోన్, సైప్రోటెరోన్ కలిసిన రకాలను మొటిమలకు తరచుగా ఎంచుకుంటారు. గర్భనిరోధం కూడా కావలసినవారికి ఇవి సరిగ్గా సరిపోతాయి. రక్తం గడ్డకట్టిన చరిత్ర, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, అదుపులో లేని బీపీ, 35 ఏళ్లు దాటినా పొగతాగే అలవాటు ఉన్నవారికి ఇవి పనికిరావు. ప్రొజెస్టిన్ మాత్రమే ఉండే మాత్రలు, ఇంజెక్షన్లు, హార్మోన్ విడుదల చేసే గర్భాశయ సాధనం కొందరిలో మొటిమలను పెంచుతాయి. కాపర్-టీలో హార్మోన్ ఉండదు, అందుకే దానితో ఈ బెడద లేదు.

వాపు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తారు, కానీ మూడు నాలుగు నెలలకు మించి కాదు, పూత మందు లేకుండా ఒంటరిగానూ కాదు. అది హార్మోన్‌ను తాకదు. ఆపగానే మళ్లీ పాత కథే. మచ్చలు గుంటలు పడే తీవ్రమైన రకానికి ఐసోట్రెటినాయిన్ ఉంది. అది కూడా హార్మోన్ ధోరణిని మార్చదు కాబట్టి ఈ స్త్రీలలో మొటిమలు కొంతకాలానికి తిరిగి రావచ్చు. గర్భంలో పిండానికి చేసే హాని చాలా తీవ్రం. పెళ్లి ముందు రోజు లేచిన ఒక్క పెద్ద గడ్డను అణచడానికి చర్మవ్యాధి నిపుణులు అందులోకే అతి కొద్ది స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వగలరు. ఇది నెలవారీ చికిత్స మాత్రం కాదు.

మందుల షాపులో చీటీ లేకుండా దొరికే, క్లోబెటసాల్, బీటామెథాసోన్ కలిసిన ‘ఫెయిర్‌నెస్’ క్రీములు ఈ చికిత్సల జాబితాలోవి కావు. వాపును రెండు మూడు రోజుల్లో తగ్గించి మంచి పేరు తెచ్చుకుంటాయి. వారాల తరబడి రాస్తే ఒకే రకంగా ఉండే పొక్కులు గుంపుగా లేస్తాయి, చర్మం పలుచబడుతుంది, మానగానే ముఖం ఎర్రబడి మండుతుంది. అప్పుడు దాన్ని మరింత పెద్ద మొటిమల బెడద అనుకుని అదే క్రీము మళ్లీ రాస్తారు. దవడ మీది మొటిమలు నెలసరితో సంబంధం లేకుండా అన్ని రోజులూ ఒకే తీరుగా ఉంటే, వాడిన క్రీముల ట్యూబులు వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపడం మంచిది.

హార్మోన్ మందు పనిచేశాక ఎంతకాలం వాడాలన్నది ఆ స్త్రీ పరిస్థితిని బట్టి ఉంటుంది. సాధారణంగా ఏడాది పాటు వాడి, మోతాదు నెమ్మదిగా తగ్గించి చూస్తారు. ఆపాక కొన్ని నెలలకు గడ్డలు తిరిగి రావడం మామూలే. అందుకే అడాపలీన్‌ను దాని తరవాత కూడా కొనసాగిస్తారు. గర్భం కోసం ప్రయత్నించేటప్పుడు స్పైరోనోలాక్టోన్, అడాపలీన్, డాక్సీసైక్లిన్ ఆపేసి అజెలాయిక్ యాసిడ్‌తో నెట్టుకొస్తారు. ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవారు మాత్రం దాన్ని ఆపి కనీసం నెల రోజులు గడిచాకే గర్భం దాల్చవచ్చు.