పని ముగిశాకే రేటింగ్ అడగాలి

కరెంటు బిల్లు కడుతూ ఓటీపీ కొట్టబోతుంటే తెరకు అడ్డంగా ‘మా యాప్ నచ్చిందా? ఐదు స్టార్లివ్వండి’ అని ఒక పెట్టె వచ్చి పడుతుంది. చాలామంది చదవకుండానే దాన్ని తీసేస్తారు. విసుగెత్తినవాళ్లు ఒక్క స్టార్ నొక్కి పోతారు. ఆ స్టార్ యాప్ పనితీరుకు కాదు, వేళగాని వేళ అడిగినందుకు.

యాపిల్ ఈ పెట్టెను 2017లో తన చేతుల్లోకి తీసుకుంది. యాప్ `requestReview` అని కోరుతుంది. చూపాలా వద్దా అన్నది ఫోనే తేలుస్తుంది. ఒక యాప్‌కు 365 రోజుల్లో గరిష్ఠంగా మూడుసార్లే ఈ పెట్టె కనిపిస్తుంది. సొంతంగా తయారుచేసిన రేటింగ్ పెట్టెలను యాపిల్ ఒప్పుకోదు. గూగుల్ 2020లో ఇలాంటి ఏర్పాటే తెచ్చింది. దానికీ పరిమితి ఉంది కానీ, లెక్క బయటపెట్టలేదు. పైగా వాడేవారు రేటింగ్ ఇచ్చారో లేదో, అసలు పెట్టె కనిపించిందో లేదో కూడా యాప్‌కు చెప్పదు.

అవకాశాలు ఇంత తక్కువైనప్పుడు వాటిని ఎక్కడ ఖర్చుపెట్టాలి? కిరాణా కొట్టు ఖాతాల యాప్ ఒకటి ఉందనుకుందాం. పొద్దున్నే కొట్టు తెరిచి యాప్ తెరవగానే అడగడం దండగ. ఎదురుగా బేరం నిలబడి ఉంటుంది. అరువు రాస్తుండగా అడిగితే అంకె తప్పుతుంది. రాత్రి రోజు లెక్క సరిపోయి, రిపోర్టు సేవ్ అయ్యాక రెండు క్షణాలు ఆగి అడగాలి. అదీ కొన్ని వారాలు వాడి, కనీసం పది రోజుల లెక్కలు ముగించినవారినే. ఆ రోజు యాప్ మధ్యలో ఆగిపోయినా, సేవ్ కాకపోయినా అడగకూడదు. ఒకే వెర్షన్‌లో రెండోసారీ వద్దు. ఈ షరతులు కోడ్‌లో రాసుకోవడం కష్టమేమీ కాదు.

చాలామంది తెలివనుకుని చేసే పని ఇంకోటుంది. ముందు ‘యాప్ నచ్చిందా?’ అని అడిగి, అవునన్నవారిని స్టోర్‌కూ, కాదన్నవారిని ఫిర్యాదుల పేజీకీ పంపడం. రేటింగ్‌కు ముందు ఇలాంటి ప్రశ్నలేవీ వేయొద్దని గూగుల్ మార్గదర్శకాలు సూటిగా చెబుతున్నాయి. నిషేధం ఉన్నా లేకపోయినా అది కొత్తగా డౌన్‌లోడ్ చేసుకునేవారిని మోసగించడమే. రేటింగ్‌కు బదులుగా డిస్కౌంటో కూపనో ఇవ్వడమూ నిషిద్ధమే.

తమంతట తాము రాయాలనుకునేవారి కోసం యాప్ సెట్టింగ్స్‌లో ‘రివ్యూ రాయండి’ బటన్ ఉంచవచ్చు. కానీ దాన్ని నేరుగా స్టోర్ పేజీకి కలపాలి. `requestReview`కు కలిపితే, మూడుసార్లు అయిపోయిన ఫోన్‌లో నొక్కినా ఏమీ జరగదు, బటన్ చెడిపోయిందనుకుంటారు.

ఇక వాడేవారికి ఒక మాట: ఐఫోన్‌లో ఈ అడుగుళ్లే వద్దనుకుంటే, సెట్టింగ్స్‌లోని యాప్ స్టోర్ విభాగంలో ‘In-App Ratings & Reviews’ ఆపేయండి.